పదిహేను నిమిషాలు అడిగే పద్ధతి

"నమస్తే సార్. మీ ప్రొఫైల్ చూశాను, చాలా స్ఫూర్తిగా అనిపించింది. మీతో ఒకసారి మాట్లాడాలనుకుంటున్నాను. ఎప్పుడు ఫ్రీగా ఉంటారో చెప్పగలరా?"

మర్యాదగానే ఉంది. తప్పుపట్టాల్సిన మాట ఒక్కటీ లేదు. అయినా పెద్ద హోదాల్లో ఉన్నవాళ్లకు చేరే ఇలాంటి సందేశాల్లో చాలావాటికి జవాబు రాదు. పంపినవాళ్లు "అంత పెద్దవాళ్లు మనల్నెక్కడ పట్టించుకుంటారు" అనుకుని ఊరుకుంటారు. అవతల మాత్రం జరిగింది వేరు. ఆ సందేశం చదివిన మనిషికి వరసగా కొన్ని ప్రశ్నలు వస్తాయి. ఎవరీ అబ్బాయి? దేని గురించి మాట్లాడాలంటున్నాడు? అది నాకు తెలిసిన విషయమేనా? చివరికి ఉద్యోగం అడుగుతాడా? పది నిమిషాలా, గంటా? ఒకసారి మాట్లాడితే ఇక రోజూ ఫోన్ చేస్తాడా? వీటిలో ఏ ఒక్కదానికీ సందేశంలో జవాబు లేదు. ఒప్పుకోవాలంటే ముందు ఆయనే కూర్చుని ఇవన్నీ అడుగుతూ తిరిగి రాయాలి. రెండు మీటింగుల మధ్య ఫోన్ చూసుకునే మనిషి ఆ పని తర్వాత చేద్దాంలే అనుకుంటాడు. రాత్రికి దాని మీద ఇంకెన్నో సందేశాలు వచ్చి పడతాయి.

ఆయన మనల్ని కాదనలేదు. ఔననడానికి ఆయన పడాల్సిన శ్రమ, ఆ క్షణంలో ఆయనకున్న తీరిక కన్నా ఎక్కువైంది, అంతే. కాబట్టి సలహా అడిగేవాళ్లు చేయాల్సిన అసలు పని ఆ శ్రమను ముందే తమ మీద వేసుకోవడం. ఎవరిని, ఏమిటి, ఎంతసేపు, ఎప్పుడు, తర్వాత ఏమిటి అన్నవి తేల్చి పెట్టాలి. అవతలివాళ్లకు "సరే, గురువారం" అని రాయడం తప్ప మరో పని మిగలకూడదు. ఇది ఎలా చేయాలో ఒక ఉదాహరణను మొదటి నుంచి చివరిదాకా తీసుకుని చూద్దాం. హైదరాబాద్ చుట్టుపక్కల వేలమందికి అన్నం పెట్టే మందుల పరిశ్రమ నుంచే తీసుకుందాం.

ఎవరిని అడగాలి

ఒక అమ్మాయి ఉందనుకుందాం. ఎం.ఫార్మసీ చదివింది. జడ్చర్లలో మాత్రలు తయారుచేసే ఒక ప్లాంటులో నాలుగేళ్లుగా క్యూసీ అనలిస్టు. హెచ్‌పీఎల్‌సీ మీద నమూనాలు పరీక్షించడం, స్టెబిలిటీ ఫలితాలు రాయడం, మెథడ్ వాలిడేషన్ చేయడం ఆమె పని. ఇప్పుడు ల్యాబ్ వదిలి రెగ్యులేటరీ అఫైర్స్ విభాగానికి, అంటే మందుకు అనుమతి కోసం ప్రభుత్వ సంస్థలకు పత్రాలు తయారుచేసి పంపే విభాగానికి వెళ్లాలనుకుంటోంది. ఎవరినైనా అడిగి నిర్ణయం తీసుకోవాలి.

మొదట తోచేది పెద్ద కంపెనీలో రెగ్యులేటరీ ప్రెసిడెంటుకు రాయడం. హోదా ఎంత పెద్దదైతే సలహా అంత గొప్పది అనుకుంటాం. కానీ పాతికేళ్ల కిందట ఆ విభాగంలో చేరిన మనిషికి మొదటి రెండేళ్లు ఎలా గడిచాయో ఇప్పుడు సరిగా గుర్తుండదు. అప్పటి పని తీరు కూడా వేరు, కాగితాల పెట్టెలు విమానాల్లో వెళ్లిన కాలం అది. ఈమెకు పనికొచ్చేది తనలాగే ల్యాబ్ నుంచి మారి, ఆ దారిలో పదేళ్ల దూరం వెళ్లినవాళ్లు. వాళ్లు ఇప్పటికి సీనియర్ మేనేజరో, అసోసియేట్ డైరెక్టరో అయి ఉంటారు. కొత్తవాళ్లను తామే ఇంటర్వ్యూ చేస్తుంటారు. ల్యాబ్ నుంచి వచ్చినవాళ్లు ఎక్కడ తడబడతారో రోజూ చూస్తుంటారు.

అలాంటివాళ్లను వెతకడం కష్టం కాదు. చదివిన కాలేజీ పూర్వ విద్యార్థుల జాబితా, లింక్డిన్‌లో వాళ్ల ఉద్యోగాల వరస, సదస్సుల్లో మాట్లాడినవాళ్ల పేర్లు చూస్తే ఐదారుగురు దొరుకుతారు. అందరికీ ఒకే సందేశం కాపీ చేసి పంపకుండా, వాళ్లలో ఇద్దరు ముగ్గుర్ని ఎంచుకుని ఒక్కొక్కరి గురించి అరగంట చదవాలి. ఆ అరగంటలో దొరికిన ఒక వివరమే సందేశానికి ప్రాణం. మన ఉదాహరణలో ఆమె ఎంచుకున్న ఆయన ఈమధ్య ఒక సదస్సులో మాట్లాడుతూ తానూ ల్యాబ్ నుంచే వచ్చానని, అమెరికా ఎఫ్‌డీఏ లేవనెత్తిన అభ్యంతరాలకు జవాబులు రాస్తూ పని నేర్చుకున్నానని చెప్పారనుకుందాం.

ఏమి అడగాలి

ఆమె కాగితం మీద రాసుకున్న మొదటి ప్రశ్నలు ఇలా ఉన్నాయి. రెగ్యులేటరీలో భవిష్యత్తు ఎలా ఉంటుంది? ఏ కోర్సు చేయాలి? జీతం ఎంత వస్తుంది? ఏమేం చదవాలి?

వీటిలో చివరి మూడు ఆయన దాకా వెళ్లనవసరం లేదు. కోర్సులు, జీతాల సంగతి స్నేహితులను అడిగితే తెలుస్తుంది. ఏమి చదవాలన్నదానికి ఎఫ్‌డీఏ మార్గదర్శకాలన్నీ ఆ సంస్థ వెబ్‌సైట్లోనే ఉచితంగా ఉన్నాయి. ఒక జెనరిక్ మందుకు అమెరికాలో అనుమతి కోరుతూ పంపే దరఖాస్తును ఏఎన్‌డీఏ అంటారని, అందులోని పత్రాలు ఐదు మాడ్యూళ్లుగా ఉంటాయని, తను రోజూ రాసే స్టెబిలిటీ ఫలితాలు, వాలిడేషన్ రిపోర్టులు మూడో మాడ్యూల్లో చేరతాయని ఒక్క ఆదివారం కూర్చుంటే అర్థమైపోతుంది. ఇది తెలియకుండా ఫోన్ చేస్తే ఆయన పదిహేను నిమిషాలూ అక్షరాభ్యాసంతోనే గడిచిపోతాయి.

ఇక "భవిష్యత్తు ఎలా ఉంటుంది" అన్నది ఎవరూ సరిగా చెప్పలేని ప్రశ్న. దానికి జవాబివ్వాలంటే ఉపన్యాసమే ఇవ్వాలి. అంత పెద్ద ప్రశ్న చూడగానే తీరిక లేని మనిషి వెనక్కి తగ్గుతాడు.

చదివిన తర్వాత ఆమె ప్రశ్న మారింది. రెగ్యులేటరీ విభాగాల్లో స్థూలంగా రెండు రకాల పని ఉంటుందని ఆమెకు తెలిసింది. కొత్త మందుల దరఖాస్తులు తయారుచేసేది ఒకటి. ఇప్పటికే అనుమతి ఉన్న మందు తయారీలో ఏదైనా మార్పు జరిగితే, అంటే ముడిసరుకు పంపే కంపెనీ మారినా, ప్లాంటు మారినా, దాన్ని తెలియజేస్తూ పత్రాలు పంపేది రెండోది. ఆమెకు సొంత కంపెనీలో రెండో రకం పనికి మారే అవకాశం ఉంది. బయట ఒక చిన్న కంపెనీలో మొదటి రకం పనికి పిలుపు వచ్చింది. ల్యాబ్ నుంచి వచ్చే మనిషికి మొదటి రెండేళ్లలో ఏది ఎక్కువ నేర్పుతుంది? ఈ ప్రశ్నకు ఏ వెబ్‌సైట్లోనూ జవాబు లేదు. రెండు పనులూ చేసి, రెండు రకాల మనుషులనూ చూసినవాళ్లకే తెలుస్తుంది. వాళ్లకు అది ఆలోచించకుండానే తెలుస్తుంది కూడా. మంచి ప్రశ్న లక్షణం అదే. అడిగేవాళ్లు ఎంత వెతికినా దొరకనిది, చెప్పేవాళ్ల నాలుక చివర ఉన్నది అయ్యుండాలి.

ఇంకొకటి కూడా గమనించండి. "ఏ ఉద్యోగంలో చేరమంటారు?" అని ఆమె అడగడం లేదు. అలా అడిగితే ఒక మనిషి జీవితానికి సంబంధించిన నిర్ణయం ఆయన భుజాన పడుతుంది. రేపు అది బెడిసికొడితే తన మాట వల్లే అయిందన్న భయం ఉంటుంది. ఏ పని ఏమి నేర్పుతుందో చెప్పడం మాత్రం ఆయన అనుభవం పరిధిలోదే. నిర్ణయం ఆమె దగ్గరే ఉంటుంది.

సందేశం

ఇప్పుడు రాయాలి. ఆమె ఇంగ్లీషులో రాసినా తెలుగులో రాసినా కట్టు ఒకటే. పై వరసలో "క్యూసీ నుంచి రెగ్యులేటరీకి: ఒక ప్రశ్న, 15 నిమిషాలు" అని పెట్టి, కింద ఇలా రాస్తుంది.

"నమస్తే సార్. నేను జడ్చర్లలోని ఒక ఫార్ములేషన్ ప్లాంటులో నాలుగేళ్లుగా క్యూసీ అనలిస్టుని. స్టెబిలిటీ, మెథడ్ వాలిడేషన్ పనులు చూస్తాను.

మీరూ ల్యాబ్ నుంచే రెగ్యులేటరీకి వచ్చారని, అభ్యంతరాలకు జవాబులు రాస్తూ పని నేర్చుకున్నారని గత నెల సదస్సులో చెప్పారు. అది విన్నాకే ఈ ప్రశ్న మిమ్మల్ని అడగాలనిపించింది.

నా ముందు రెండు దారులున్నాయి. మా కంపెనీలోనే అనుమతి వచ్చిన మందుల మార్పులు చూసే టీమ్‌కు మారవచ్చు. లేదా ఒక చిన్న కంపెనీలో కొత్త ఏఎన్‌డీఏలు తయారుచేసే టీమ్‌లో చేరవచ్చు. జీతంలో పెద్ద తేడా లేదు. ల్యాబ్ నుంచి వచ్చేవాళ్లకు మొదటి రెండేళ్లలో ఏ పని ఎక్కువ నేర్పుతుంది? నాకు రెండోదే మేలనిపిస్తోంది గానీ, నాకు తెలియని ఇబ్బందులు ఉన్నాయేమో అనుకుంటున్నాను.

దీని గురించి 15 నిమిషాలు ఫోన్లో మాట్లాడగలరా? మంగళవారం 14న గానీ, గురువారం 16న గానీ రాత్రి 7:30 నుంచి 9 లోపు మీరు చెప్పిన సమయానికి నేనే చేస్తాను. వేరే రోజైనా సరే. ఫోన్ కుదరకపోతే రెండు వాక్యాలు రాసినా, చిన్న వాయిస్ మెసేజ్ పెట్టినా చాలు.

మీ దగ్గర ఉద్యోగం కోసం అడగడం లేదు. ఈ నెల 25లోగా మా మేనేజరుకు జవాబు చెప్పాలి. మీకు వీలుకాకపోతే ఏమాత్రం ఇబ్బందిపడకండి."

ఫోన్ తెర మీద ఇది ఒకటిన్నర పేజీ వస్తుంది. ఇంతకు మించకూడదు. ఇందులో ఏ వాక్యం ఏ పని చేస్తోందో చూద్దాం.

మొదటి రెండు వాక్యాల్లో ఆమె ఎవరో తేలిపోయింది. పదో తరగతి మార్కుల నుంచి మొదలుపెట్టలేదు. రెజ్యూమే జత చేయలేదు. రెజ్యూమే కనిపించగానే చదివేవాళ్లకు "ఉద్యోగం" అన్న మాటే తడుతుంది. తర్వాతి పేరా ఆయన్నే ఎందుకు అడుగుతోందో చెబుతుంది. పొగడ్త ఒక్క మాటా లేదు, ఆయన చెప్పింది ఆమె విన్నదన్న ఆధారం ఉంది. మూడో పేరాలో ప్రశ్న మొత్తం ఉంది. మందు పేరు లేదు, కంపెనీ పేరు లేదు, బయటికి చెప్పకూడని వివరం ఏదీ లేదు. ఈ పరిశ్రమలో ఇది మామూలు జాగ్రత్త కాదు. ఎఫ్‌డీఏ దగ్గర పెండింగులో ఉన్న దరఖాస్తు గురించి ఒక్క ముక్క వచ్చినా బాధ్యత తెలిసిన సీనియరు వెంటనే మాట ఆపేస్తారు.

తనకు ఏది మేలనిపిస్తోందో ఆమె చెప్పడం కూడా ఆయన పనిని తగ్గిస్తుంది. ఖాళీ కాగితం ఇచ్చి సలహా రాయమనడం కన్నా, రాసిన కాగితం ఇచ్చి దిద్దమనడం ఎప్పుడూ తేలిక.

సమయం ఎలా చెప్పాలి

"మీకు ఎప్పుడు వీలైతే అప్పుడు" అనడం వినయంగా వినిపిస్తుంది. చదివేవాళ్లకు మాత్రం క్యాలెండరు తెరిచి వెతికే పని అప్పగిస్తుంది. రెండు రోజులు, ఒక గంటన్నర వ్యవధి చెబితే చూసుకోవాల్సింది రెండు సాయంత్రాలే. తారీఖుతోపాటు వారం కూడా రాయాలి, లేకపోతే "వచ్చే గురువారం" అంటే ఈ వారమా పై వారమా అని మళ్లీ ఒక సందేశం నడుస్తుంది. మన క్యాలెండరు లింకు పంపి "ఇందులో బుక్ చేసుకోండి" అనడం మాత్రం వద్దు. ఆ ఏర్పాటు ఆయన వైపు నుంచి వస్తే సంతోషంగా వాడుకోవచ్చు.

ఆమె రాత్రి 7:30 ఎంచుకోవడానికి కారణం ఉంది. ల్యాబ్‌లోకి ఫోన్ తీసుకెళ్లడానికి వీల్లేదు. షిఫ్టు దిగాక కంపెనీ బస్సులో మహబూబ్‌నగర్ చేరేసరికి ఏడవుతుంది. బస్సు రొదలో "సార్, వినిపించడం లేదు" అంటూ మాట్లాడితే ఇచ్చిన పదిహేను నిమిషాల్లో ఐదు పోతాయి. అవతలివాళ్లు అమెరికాలో ఉంటే రెండు చోట్ల సమయాలూ లెక్కగట్టి రాయాలి. వేసవిలో న్యూజెర్సీలో ఉదయం పదిన్నర అంటే మనకు రాత్రి ఎనిమిది. నవంబరు మొదట్లో అక్కడ గడియారాలు వెనక్కి జరిపాక అదే మన రాత్రి ఎనిమిది వాళ్లకు తొమ్మిదిన్నర. ఈ లెక్కను ఆయనకు వదిలేయకూడదు.

పదిహేను నిమిషాలే ఎందుకు? ఒక్క ప్రశ్నకు అది సరిపోతుంది, పైగా రెండు పనుల మధ్య ఇముడుతుంది. "ఐదే నిమిషాలు" అంటే ఎవరూ నమ్మరు. అరగంట అంటే మీటింగు. ఫోన్ కుదరకపోతే రాసినా చాలనడం మూడో తలుపు. చాలామంది పెద్దవాళ్లు కారులో వెళ్తూ రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టేస్తారు. మనకు కావలసిన జవాబు అందులోనే ఉండొచ్చు.

కాదనే వీలు

చివరి పేరాలో ఆమె మూడు సంగతులు చెప్పింది: ఉద్యోగం అడగడం లేదని, గడువు 25 అని, వీలుకాకపోతే ఫరవాలేదని. మొదటిది ఆయన మనసులోని భయాన్ని తీసేస్తుంది. అది నిజం కూడా కావాలి. ఫోన్లో పన్నెండో నిమిషాన "మీ కంపెనీలో ఏమైనా ఖాళీలున్నాయా సార్" అని అడిగితే ఆ మనిషి మరెవరికీ ఇలా సమయం ఇవ్వరు. ఉద్యోగమే కావాలంటే మొదటే ఉద్యోగమని రాయాలి. అది వేరే ఉత్తరం.

గడువుకు నిజమైన కారణం ఉండాలి. ఎలెన్ లాంగర్ బృందం 1978లో ప్రచురించిన ఒక ప్రసిద్ధ ప్రయోగం ఈ సంగతిని బాగా చూపిస్తుంది. న్యూయార్క్‌లో జిరాక్స్ యంత్రం దగ్గరున్నవాళ్లను ముందు తమకు అవకాశం ఇవ్వమని అడిగారు. ఐదు పేజీలకైతే కారణం చెప్పకపోయినా నూటికి 60 మంది ఒప్పుకున్నారు. "కాపీలు తీసుకోవాలి కాబట్టి" అన్న బోలు కారణం చెప్పినా 93 మంది ఒప్పుకున్నారు. ఈ సగమే చాలాచోట్ల చెబుతారు. ఇరవై పేజీలు అడిగినప్పుడు లెక్క మారింది. కారణం చెప్పకపోయినా, బోలు కారణం చెప్పినా ఒప్పుకున్నది 24 శాతమే. తొందరలో ఉన్నామన్న నిజమైన కారణం చెబితే 42 శాతానికి పెరిగింది. అవతలివాళ్లకు బరువైన కోరిక అయినప్పుడు మాటల అలంకారం పనిచేయదు. తీరిక లేని మనిషికి పదిహేను నిమిషాలు బరువైనవే. "మీ అమూల్యమైన మార్గదర్శనం కావాలి" అన్నది బోలు కారణం. "25లోగా జవాబు చెప్పాలి" అన్నది కారణం.

ఇక కాదనే వీలు ఎందుకివ్వాలి? మనుషులు ఎదురుపడి అడిగితే కాదనలేరు. వెనెసా బోన్స్, ఫ్రాంక్ ఫ్లిన్ 2008లో ప్రచురించిన పరిశోధనలో అపరిచితులతో ఒక ప్రశ్నపత్రం నింపించమని కొందరికి పని అప్పగించారు. ఐదుగురు ఒప్పుకోవాలంటే ఇరవై మందిని అడగాల్సి వస్తుందని వాళ్లు అంచనా వేశారు. దాదాపు పదిమందిని అడిగేసరికి పని అయిపోయింది. కాదనడంలో ఉండే ఇబ్బందిని అడిగేవాళ్లు లెక్కలోకి తీసుకోరని ఆ పరిశోధన తేల్చింది. 2017లో మహదీ రొఘానీజాద్‌తో కలిసి బోన్స్ చేసిన మరో పరిశోధనలో, ఎదురుగా అడగడం ఈమెయిల్లో అడగడం కన్నా 34 రెట్లు ఫలితమిచ్చింది. అది అపరిచితులను సర్వే నింపమని అడిగిన ప్రయోగం కాబట్టి ఆ అంకెను అన్నింటికీ అంటగట్టలేం. దిశ మాత్రం స్పష్టం. ఉత్తరానికి మొహమాటపెట్టే శక్తి లేదు. అందులో ఉన్న విషయమే పని చేయాలి.

మొహమాటంతో వచ్చిన ఒప్పుకోలు మనకు పనికిరాదన్నది ఇందులోని రెండో సగం. మన దగ్గర దీనికి రాజమార్గం చుట్టరికం. "మా బాబాయి మీ బావగారికి బాగా తెలుసు, ఒకసారి చెప్పిస్తాను" అంటారు. బావగారి మాట కాదనలేక ఆయన ఫోన్ ఎత్తుతారు. "బాగా చదువుకో అమ్మా, అంతా మంచే జరుగుతుంది" అని పెట్టేస్తారు. అది సలహా కాదు, మర్యాద తీర్చుకోవడం.

మధ్యవర్తి ఉంటే మంచిదే, వాడుకునే పద్ధతి వేరు. "ఈ ఐదు పేరాలు ఆయనకు పంపించండి బాబాయ్. ఆయనకు ఇష్టమైతేనే నా నంబరు ఇవ్వండి, బలవంతం చేయకండి" అని చెప్పాలి. బాబాయి తన మాటల్లో వివరించబోతే క్యూసీ కాస్తా బీటెక్ అయి కూర్చుంటుంది. ముందే రాసిపెట్టిన సందేశాన్ని యథాతథంగా ముందుకు పంపడమే ఆయన పని. బాబాయి పేరు వల్ల సందేశం తెరుచుకుంటుంది. ఒప్పుకోవాలా వద్దా అన్నది మాత్రం సందేశాన్ని బట్టే ఉంటుంది.

జవాబు వచ్చినా, రాకపోయినా

జవాబులు చాలా రకాలుగా వస్తాయి. "సరే, గురువారం 8కి" అంటే అంతా బాగున్నట్టే. "తప్పకుండా, మాట్లాడదాం" అని ఊరుకుంటే అది సగం ఔను. అప్పుడు "ధన్యవాదాలు సార్, గురువారం 16న రాత్రి 8కి నేనే చేస్తాను. కుదరకపోతే చెప్పండి" అని రాయాలి. "మా టీమ్‌లో ఫలానా వారితో మాట్లాడండి" అంటే చిన్నబుచ్చుకోనక్కర్లేదు. ఆ పని ఇప్పుడు చేతులతో చేస్తున్న మనిషి దగ్గరికి ఆయనే పంపారు, చాలాసార్లు అదే మెరుగైన జవాబు.

ఏ జవాబూ రాకపోతే వారం పది రోజులు ఆగి ఒకే ఒకసారి గుర్తుచేయాలి. కొత్త ఉత్తరం కాకుండా పాతదాని కిందే రెండు వాక్యాలు చాలు: "సార్, ఇది మళ్లీ పైకి తెస్తున్నాను. 25 దాకా సమయం ఉంది, ఒక్క వాక్యం రాసినా నాకు ఉపయోగమే." అందుకే గడువుకు రెండు వారాల ముందే మొదటి సందేశం పంపాలి. దాని తర్వాత ఆపేయాలి. మూడోసారి రాయడం, వాట్సాప్‌లో నీలం టిక్కులు చూసి ఫోన్ చేయడం, రోజూ "గుడ్ మార్నింగ్ సార్" పంపడం, ఇవన్నీ మొదటి సందేశం సంపాదించిన మర్యాదను కరిగించేస్తాయి. ప్లాంటులో ఎఫ్‌డీఏ తనిఖీ జరుగుతుంటే రెగ్యులేటరీ, క్వాలిటీ విభాగాల వాళ్లు రోజుల తరబడి మరో లోకంలో ఉంటారు. మార్చి చివర ఎవరికీ తీరిక ఉండదు. మౌనానికి మనతో సంబంధం లేని కారణాలు ఉండొచ్చు కాబట్టి, రెండోవాళ్లకు రాసుకోవడమే సరైన పని.

ఆ పదిహేను నిమిషాలు

ఫోన్ ఆమే చేయాలి, చెప్పిన నిమిషానికి చేయాలి. మొదటి మాటల్లోనే ప్రశ్నను మళ్లీ గుర్తుచేయాలి. ఆయన సందేశం చదివి నాలుగు రోజులై ఉంటుంది. "నమస్తే సార్, సమయం ఇచ్చినందుకు ధన్యవాదాలు. ల్యాబ్ నుంచి మారేటప్పుడు మార్పుల టీమా, కొత్త దరఖాస్తుల టీమా అన్నది నా ప్రశ్న" అంటే చాలు. అక్కడి నుంచి వినాలి.

ఆయన ఇలా అన్నారనుకుందాం: "కొత్త దరఖాస్తుల టీమ్ పేరుకి బాగుంటుందమ్మా. కానీ చిన్న కంపెనీ ఏడాదికి ఎన్ని ఫైల్ చేస్తుందో అడిగావా? ఒకటో రెండో అయితే రెండేళ్లలో నువ్వు చూసేది మూడో నాలుగో. మార్పుల టీమ్‌లో నెలకు అన్ని ఫైళ్లు చేతికి వస్తాయి." ఆమె ఎన్నడూ అడగని ప్రశ్న ఇది. దారి ఎంచుకోవడానికి కావలసింది పని రకం ఒక్కటే కాదని, పని పరిమాణం కూడా అని ఆ ఒక్క వాక్యంతో తేలింది. ఇక్కడ ఆమె అడగాల్సింది "అయితే నేను వాళ్లను ఇంటర్వ్యూలో ఏ ఏ వివరాలు అడగాలి సార్?" అని. ఆయన చెప్పిన దారిలోనే ఒక్క అడుగు ముందుకు వెళ్లే ప్రశ్న అది. జాబితాలోని మరో అంశానికి దూకడం కన్నా ఇది ఎంతో మేలు.

పదమూడో నిమిషంలో "సార్, మీరిచ్చిన సమయం అయిపోవస్తోంది" అని ఆమే అనాలి. ఆయన "పర్లేదు, చెప్పు" అంటే ఇంకాసేపు మాట్లాడొచ్చు. ఆ పొడిగింపు ఆయన ఇష్టంతో వచ్చింది. మాట నిలబెట్టుకున్న మనిషిగా ఆమె ఆయనకు గుర్తుంటుంది. "ఇంకెవరినైనా అడగమంటారా?" అన్న ప్రశ్న చివర్లో ఒకటి అడగొచ్చు. ఆయన పేరు చెప్పి పరిచయం చేసుకోవచ్చా అని అనుమతి తీసుకోవడం మాత్రం మరవకూడదు.

తర్వాతి కబురు

అదే రాత్రి మూడు వాక్యాల్లో ధన్యవాదాలు చెప్పాలి. ఆయన చెప్పినదాంట్లో ఏది పనికొచ్చిందో, దాంతో ఆమె రేపు ఏమి చేయబోతోందో అందులో ఉండాలి: "ఆ కంపెనీ ఏడాదికి ఎన్ని ఏఎన్‌డీఏలు ఫైల్ చేస్తుందో రేపే అడుగుతాను సార్." ఇది చాలామంది చేస్తారు. చాలామంది చేయనిది దాని తర్వాతది.

రెండు నెలలయ్యాక, ఏమీ అడగకుండా, ఫలితం రాయాలి. "సార్, వాళ్లు ఏడాదికి ఒక్కటే ఫైల్ చేస్తారని తెలిసింది. మా కంపెనీలోనే మార్పుల టీమ్‌లో చేరాను. ఇప్పటికి తొమ్మిది ఫైళ్లు చేతిమీదుగా వెళ్లాయి. ల్యాబ్‌లో స్టెబిలిటీ రాసిన అలవాటు రోజూ పనికొస్తోంది." ఆయన సలహాకు విరుద్ధమైన దారి పట్టినా సరే, ఎందుకలా నిర్ణయించుకుందో రాయాలి. సలహా ఇచ్చేవాళ్లకు తమ మాట ఏమైందో తెలిసే సందర్భాలు చాలా తక్కువ. ఎంతోమందికి ఫోన్లో చెబుతారు, ఆ తర్వాత ఏ కబురూ ఉండదు. అందుకే కొన్నాళ్లకు వాళ్లు చెప్పడమే మానేస్తారు. ఫలితం రాసినవాళ్ల పేరు వాళ్లకు గుర్తుంటుంది. మరో రెండేళ్లకు ఆమె ఇంకో ప్రశ్న అడిగినప్పుడు ఆయన ముందు ఉండేది అపరిచితురాలి సందేశం కాదు, తన మాటను తీసుకుని పని చేసిన మనిషి సందేశం. ఆమె తర్వాత రాసే మరో క్యూసీ అనలిస్టుకు కూడా ఆయన ఔననే అవకాశం పెరుగుతుంది.